అంగుళం వెడల్పు రేకు నుంచి నలభై అడుగుల రెక్క దాకా: రైట్ సోదరుల కేస్ స్టడీ

గాలిని ఒక వేగంతో పారించే పెట్టె, అంటే విండ్ టన్నెల్‌లో రెక్కల నమూనాలు పరీక్షించడం నా వృత్తి. మా దగ్గర చేరే కొత్త ఇంజనీర్లకు నేను మొదట చెప్పేది రైట్ సోదరుల కేసే. 1903 డిసెంబరు 17న విమానం ఎగిరిందని వాళ్ళందరికీ తెలుసు. ఆ విమానానికి ఎంత రెక్క కావాలో, ఎంత వేగం కావాలో, ఎంత తోపు కావాలో ముందే లెక్క తేలిందని, ఆ లెక్క 1901 చివరి నెలల్లో ఒక సైకిల్ షాపులో ఆరడుగుల చెక్కపెట్టె ముందు తయారైందని చాలామందికి తెలియదు. ఈ కేసులో నేను ముఖ్యంగా చూపించాలనుకున్నది ఆ పెట్టెనే. దానికి ముందు ఒక అట్టపెట్టె ఉంది. అక్కడి నుంచి మొదలుపెడతాను.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. విల్బర్, ఆర్విల్ రైట్ అన్నదమ్ములు అక్కడ సైకిళ్ళు తయారుచేసి, బాగుచేసి, అమ్మేవారు. 1896లో జర్మనీలో ఆటో లిలియంథాల్ అనే ఇంజనీరు ఇంజను లేని గ్లైడర్ కూలి చనిపోయిన వార్త వాళ్ళను ఈ సమస్య వైపు తిప్పింది. లిలియంథాల్ తన శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ గ్లైడర్‌ను అదుపు చేసేవాడు. రెక్క పెద్దదయ్యేకొద్దీ, గాలి విసురు పెరిగేకొద్దీ మనిషి బరువు దానికి చాలదు. కాబట్టి విల్బర్ ఇంజను సంగతి పక్కన పెట్టి, గాలిలో ఒక పక్కకు ఒరిగిన యంత్రాన్ని మళ్ళీ సరిచేయడం ఎలా అన్న ప్రశ్నను ముందుకు తెచ్చుకున్నాడు. రోజూ సైకిల్ తొక్కేవాడికి ఈ ప్రశ్న సహజంగానే తడుతుంది. సైకిల్ తనంతట తాను నిలబడదు, తొక్కేవాడు క్షణక్షణం సరిచేస్తుంటేనే నిలబడుతుంది.

1899 జులైలో ఒకరోజు షాపుకు వచ్చిన ఒకరికి సైకిల్ ట్యూబు అమ్మి, దాని ఖాళీ అట్టపెట్టెను చేతిలో పట్టుకుని మాట్లాడుతున్నాడు విల్బర్. పొడవుగా, సన్నగా ఉన్న పెట్టె అది. రెండు చివరలనూ చెరో చేత్తో పట్టుకుని వ్యతిరేక దిశల్లో తిప్పితే పెట్టె మెలి తిరిగింది. పై అట్ట, కింది అట్ట రెండూ ఒక చివర ముందుకు వాలాయి, రెండో చివర వెనక్కి వాలాయి. పెట్టె మాత్రం బిగువు కోల్పోలేదు. ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలుండే గ్లైడర్‌ను ఇలాగే మెలిపెట్టవచ్చని అతడికి అక్కడే తట్టింది. కుడి కొస గాలికి ఎక్కువ కోణంలో నిలిస్తే ఆ పక్క రెక్కను పైకెత్తే బలం, అంటే లిఫ్టు, పెరుగుతుంది. ఎడమ కొస తక్కువ కోణంలో నిలిస్తే ఆ పక్క లిఫ్టు తగ్గుతుంది. యంత్రం ఎడమకు ఒరుగుతుంది. ఆ వేసవిలోనే అయిదు అడుగుల గాలిపటం కట్టి, నాలుగు తాళ్ళను రెండు కర్రలకు ముడివేసి, కర్రలు వంచుతూ పరీక్షించాడు. గాలిపటం చెప్పినట్టు విన్నది.

తర్వాతి గ్లైడర్లలో కొద్ది మార్పులతో ఇదే ఏర్పాటు. రెండు రెక్కల మధ్య ముందు వరుస నిలువు కర్రలను తీగలతో అడ్డంగా బిగించి కదలకుండా చేశారు. వెనుక వరుసను మాత్రం వదులుగా ఉంచి, అక్కడి తీగలను చిన్న కప్పీల మీదుగా నడిపించారు. పైలట్ కింది రెక్క మీద బోర్లా పడుకుంటాడు. తర్వాతి యంత్రాల్లో అతడి నడుము కింద ఒక చెక్క తొట్టి ఉంటుంది. నడుమును ఎడమకు జరిపితే తొట్టి తీగలను లాగి, కుడి రెక్క కొసల వెనుక అంచును కిందికి దించుతుంది. ఎత్తూ దిగుడూ చూసుకునేందుకు రెక్కల ముందు ఎలివేటర్ అనే అడ్డ పలక పెట్టారు.

1900లో నార్త్ కరొలైనా తీరాన కిట్టీ హాక్ అనే ఇసుక ప్రాంతంలో మొదటి గ్లైడర్ ఎగిరింది. అదుపు బాగుంది, లిఫ్టు అనుకున్నంత రాలేదు. రెక్క చిన్నదై ఉంటుందని 1901లో 22 అడుగుల పొడవు, 290 చదరపు అడుగుల విస్తీర్ణంతో చాలా పెద్దది కట్టారు. అప్పటికి అంత పెద్ద గ్లైడర్‌ను ఎవరూ ఎగరేసి ఉండరు. అయినా దాని లిఫ్టు లెక్క ప్రకారం రావలసినదానిలో మూడో వంతుకు దగ్గరగా మాత్రమే ఉంది. దానికి తోడు రెక్కను మెలిపెడితే కొన్నిసార్లు యంత్రం కోరిన వైపు కాక మరోవైపు తిరగబోయేది. అంటే బాగుందనుకున్న అదుపు మీద కూడా అనుమానం వచ్చింది. మనిషి ఇంకో యాభై ఏళ్ళకు కానీ ఎగరలేడని ఆ ఏడాది తమ్ముడితో అన్నట్టు విల్బరే తర్వాత ఒప్పుకున్నాడు.

వాళ్ళు ఏ లెక్కను నమ్మి దెబ్బతిన్నారో ఇక్కడ చూడాలి. అప్పటి సూత్రం ఇది:

L = k × S × V² × C_L

L అంటే పౌండ్లలో లిఫ్టు, S చదరపు అడుగుల్లో రెక్క విస్తీర్ణం, V గంటకు మైళ్ళలో గాలి వేగం. C_L రెక్క ఆకారాన్ని, గాలితో అది చేసే కోణాన్ని బట్టి మారే గుణకం. k అనేది గాలికి ఎదురుగా నిలిపిన బల్లపరుపు పలక మీద పడే ఒత్తిడిని చెప్పే స్థిరాంకం. దీనికి 18వ శతాబ్దపు ఇంగ్లీషు ఇంజనీరు జాన్ స్మీటన్ పేరు పెట్టారు, విలువ 0.005 అని నూరేళ్ళకు పైగా పుస్తకాల్లో అచ్చయింది. C_L విలువలను రైట్ సోదరులు లిలియంథాల్ పట్టిక నుంచి తీసుకున్నారు. సూత్రం సరైనదే. k తప్పా, C_L తప్పా, రెండూ తప్పా అన్నది ప్రశ్న. ఎగిరే గ్లైడర్ మీద చేసిన కొలతలో రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఎన్నిసార్లు ఎగరేసినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. అదే కోవలో మూడో గ్లైడర్‌ను ఇంకా పెద్దదిగా కట్టి ఉంటే వాళ్ళ డబ్బూ, మరో ఏడాదీ పోయేవి. వాళ్ళు గ్లైడర్ కట్టడం ఆపి కొలవడానికి కూర్చున్నారు. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే నిర్ణయం అదే.

ముందు చవకగా ఒక పరీక్ష చేశారు. సైకిల్ హ్యాండిల్ ముందు ఒక చక్రాన్ని అడ్డంగా, స్వేచ్ఛగా తిరిగేటట్టు అమర్చారు. దాని అంచున ఒకచోట వంపు తిరిగిన చిన్న రెక్క, మరోచోట గాలికి ఎదురుగా బల్లపరుపు పలక. సైకిల్ వేగంగా తొక్కితే రెక్క లిఫ్టు చక్రాన్ని ఒకవైపు తిప్పాలని చూస్తుంది, పలక మీది ఒత్తిడి రెండో వైపు తిప్పాలని చూస్తుంది. లిలియంథాల్ పట్టిక ప్రకారం రెక్క గాలికి 5 డిగ్రీల కోణంలో ఉంటే రెండూ సరితూగి చక్రం ఆగాలి. వాళ్ళకు 18 డిగ్రీలు కావలసి వచ్చింది. డేటన్ వీధుల్లో గాలి ఎటు వీస్తుందో తెలియదు కాబట్టి ఈ అంకెను వాళ్ళు గట్టిగా పట్టుకోలేదు. కానీ పట్టిక తమ రెక్కకు సరిపోవడం లేదని తేలింది, పెట్టెలో గాలిని బంధించి కొలవాలని కూడా తేలింది.

అలా తయారైంది విండ్ టన్నెల్. ఆరడుగుల పొడవు, లోపల 16 అంగుళాల చదరం, పైన చూడటానికి గాజు పలక. ఒక చివర ఫ్యాను. దాన్ని తిప్పింది షాపులోని గ్యాస్ ఇంజను. గాలి వేగం గంటకు సుమారు 27 మైళ్ళు. ఫ్యాను నుంచి వచ్చే గాలి సుడులు తిరుగుతూ వస్తుంది, దాన్ని తిన్నగా నడిపించడం పెట్టె కట్టడం కంటే కష్టం. గాలి దారిలో జల్లెడలాంటి గళ్ళ చట్రాలు పెట్టి, మార్చి, మళ్ళీ పెట్టి, వారాల తరబడి దాని మీదే కుస్తీ పట్టారు. రీడింగు తీసేటప్పుడు గదిలో పెద్ద వస్తువులేవీ కదలకూడదు, చూసే మనిషి ప్రతిసారీ ఒకేచోట నిలబడాలి అని నియమం పెట్టుకున్నారు. ఈ నియమం చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది. నేను పని నేర్చుకున్న రోజుల్లో ఒక చిన్న టన్నెల్‌లో మధ్యాహ్నం పూట లిఫ్టు రీడింగులు రెండు మూడు శాతం పెరిగేవి. తూకాన్ని విప్పి చూశాం, నమూనాను మార్చి చూశాం. గాలి బయటకు పోయే గదిలో భోజనాల వేళ ఎవరో కిటికీ తెరిచేవారని తెలియడానికి మాకు పది రోజులు పట్టింది.

టన్నెల్ కంటే గొప్పది దాని లోపల నిలిపిన తూకం. అరిగిన రంపపు బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వల తీగ వాడి చేసినది. దానికి ఒకదానిపై ఒకటిగా రెండు అడ్డకమ్మీలు ఉన్నాయి. పై కమ్మీకి పరీక్షించే రెక్క నమూనాను నిలువుగా, గాలికి కావలసిన కోణంలో బిగిస్తారు. కింది కమ్మీకి గాలికి ఎదురుగా నాలుగు సన్నని బల్లపరుపు పలకలు. గాలి వదలగానే నమూనా లిఫ్టు ఒక పక్కకు లాగుతుంది, కింది పలకల మీది ఒత్తిడి దాన్ని నిలవరిస్తుంది. రెండూ సరితూగిన చోట తూకం ఆగి, ముల్లు ఒక కోణం చూపిస్తుంది. రెక్కను వెనక్కి లాగే గాలి బలం, అంటే డ్రాగ్, ఈ కొలతలోకి రాకుండా చేతులను సమాంతర చతుర్భుజంలా అమర్చారు. డ్రాగ్ కోసం వేరే తూకం ఉంది.

ఈ ఏర్పాటు ఎందుకు గొప్పదో నిదానంగా చూడండి. రెక్క, పలకలు రెండూ ఒకే గాలిలో ఉన్నాయి. ఫ్యాను వేగం కొంచెం తగ్గితే రెండింటి మీది బలాలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, ముల్లు కదలదు. అంటే V తెలియాల్సిన అవసరం లేదు. పలక మీది ఒత్తిడిలో k ఉంది, రెక్క లిఫ్టులోనూ అదే k ఉంది. నిష్పత్తిలో అదీ కొట్టుకుపోతుంది. విస్తీర్ణాల తేడా సరిచేసుకుంటే ముల్లు చూపిన కోణపు సైన్ విలువే C_L. గాలి వేగాన్ని కచ్చితంగా కొలిచే సాధనం లేని షాపులో, తమకు అనుమానంగా ఉన్న స్థిరాంకంతో పనిలేకుండా, C_L ఒక్కదాన్నే విడదీసి చూశారు. ఒక నమూనా మీద కోణం మారుస్తూ వరుసగా రీడింగులు తీయడం ఎంతో త్వరగా అయిపోయేది.

నమూనాలు పలుచని ఉక్కు రేకు ముక్కలు. రేకుల కత్తెరతో కత్తిరించి, సుత్తితో వంపు తిప్పి, అవసరమైన చోట మైనం అద్ది మందం పెంచేవారు. ముందు నూటికి పైగా ఆకారాలను పైపైన పరీక్షించి, వాటిలో నలభై పైచిలుకు ఆకారాలను పద్ధతిగా కొలిచారు. అక్టోబరులో మొదలైన పని డిసెంబరుకల్లా ముగిసింది. సైకిళ్ళ తయారీ కాలం దగ్గరపడింది కాబట్టి అక్కడితో ఆపారు.

ఏమి తేలింది? లిలియంథాల్ పట్టిక అతడి రెక్కకు దాదాపు సరైనదే. అతడి రెక్క పొడవుగా, సన్నగా ఉండేది. రైట్ సోదరుల 1901 రెక్క పొడవు దాని వెడల్పుకు మూడు రెట్ల పైన మాత్రమే. పొట్టి రెక్క కొసల దగ్గర కింది గాలి పైకి చుట్టుకుని లిఫ్టును తినేస్తుంది. ఒక ఆకారానికి కొలిచిన పట్టికను మరో ఆకారానికి వాడటం వాళ్ళ తప్పు. C_L చేతికి వచ్చాక, 1901 గ్లైడర్‌ను తాడు కట్టి గాలిలో నిలిపినప్పుడు రాసిపెట్టుకున్న కొలతల నుంచి k లెక్క కట్టారు. 0.0033 వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త శామ్యూల్ లాంగ్లీ కొలతలు కూడా దాని దగ్గరే ఉన్నాయి. పుస్తకాల్లోని 0.005తో పోలిస్తే ఇది మూడింట రెండు వంతులు. పొట్టి రెక్క, పెద్ద k ఈ రెండూ కలిస్తే ఇసుకలో కనిపించిన లోటు చాలావరకు అర్థమవుతుంది.

రేకు ముక్కల్లో 12వ నంబరు అన్నిటికంటే మెరుగని తేలింది. అంగుళం వెడల్పు, ఆరు అంగుళాల పొడవు, వెడల్పులో ఇరవయ్యో వంతు వంపు. 1902 గ్లైడర్ రెక్క 32 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుతో, అంటే ఆరు రెట్లకు కొంచెం పైగా, ఇంకా తక్కువ వంపుతో తయారైంది. కాకపోతే ఈ కొలతలకు ఒక హద్దు ఉంది. అంగుళం రేకు మీద గాలి ప్రవర్తన, ఆరడుగుల రెక్క మీద గాలి ప్రవర్తన ఒకటి కాదు. పరిమాణాన్ని, వేగాన్ని బట్టి గాలి తీరు ఎలా మారుతుందో చెప్పే కొలతను ఇప్పుడు మనం రేనాల్డ్స్ సంఖ్య అంటాం, అందులో రెండింటి మధ్య నూరు రెట్ల దాకా తేడా ఉంటుంది. చిన్న నమూనాలో పలుచని రెక్కే మంచిదనిపిస్తుంది. మందమైన రెక్క పెద్ద పరిమాణంలో ఎంత బాగా పనిచేస్తుందో ఆ పెట్టె చూపించలేదు. అందుకే తొలి విమానాల రెక్కలు అంత పలుచగా, బయట తీగల అల్లికతో ఉండేవి.

1902 సెప్టెంబరులో కొత్త గ్లైడర్ లెక్క ప్రకారమే లేచింది. అయితే లిఫ్టు సమస్య తీరగానే, 1901లో తలెత్తిన అదుపు సమస్య మళ్ళీ ముందుకు వచ్చింది. రెక్కను మెలిపెట్టినప్పుడు ఎక్కువ కోణంలో ఉన్న కొసకు లిఫ్టుతో పాటు డ్రాగ్ కూడా పెరుగుతుంది. ఆ కొస వెనకబడి, యంత్రం ముక్కు ఆ పక్కకే తిరుగుతుంది. దీన్ని ఆపడానికి వెనుక రెండు నిలువు తోక పలకలు కదలకుండా బిగించారు. మామూలుగా అవి సహాయపడ్డాయి. కానీ యంత్రం బాగా ఒరిగి కిందికి వాలిన రెక్క వైపు జారినప్పుడు, ఆ జారుడు గాలి తోక పలకలకు పక్క నుంచి తగిలి యంత్రాన్ని వాలిన వైపే ఇంకా తిప్పేది. అప్పుడు పైనున్న రెక్క వేగం పుంజుకుని ఇంకా లేచేది. పైలట్ మెలిక ఎంత పెంచితే పరిస్థితి అంత విషమించి, వాలిన కొస గుండ్రంగా తిరుగుతూ ఇసుకలో దిగబడేది. అన్నదమ్ములు దీన్ని బావి తవ్వడం అనేవారు.

అక్టోబరు మొదట్లో ఒక రాత్రి కాఫీ ఎక్కువై నిద్రపట్టక, ఆర్విల్ దీని గురించే ఆలోచిస్తూ పడుకున్నాడు. తోకను కదిలేలా చేస్తే ఆ జారుడు గాలికి తలవంచకుండా ఎదురు తిప్పవచ్చని తట్టింది. మర్నాడు ఉదయం భోజనం దగ్గర చెప్పాడు. విల్బర్ ఒప్పుకుని మరో మాట కలిపాడు. పైలట్‌కు ఇప్పటికే ఎలివేటర్, మెలిక రెండు పనులున్నాయి, కదిలే తోక పలక, అంటే రడ్డర్, దాని తీగలను కూడా నడుము తొట్టికే కలిపేద్దాం అన్నాడు. రెండు పలకల స్థానంలో కదిలే రడ్డర్ ఒక్కటి వచ్చింది. ఆ తర్వాత వారాల్లో వందల సార్లు గ్లైడర్‌లో ఎగిరారు. వాటిలో పెద్దది 622 అడుగులు దాటింది, 26 సెకన్లు. 1903 మార్చిలో వేసిన పేటెంటు దరఖాస్తులో రక్షణ కోరింది ఈ అదుపు పద్ధతికే, ఇంజనుకు కాదు.

ఇక 1903 యంత్రం. లెక్కను మీరే వేసి చూడవచ్చు. రెక్కల విస్తీర్ణం 510 చదరపు అడుగులు, మనిషితో కలిపి బరువు సుమారు 750 పౌండ్లు, గాలి వేగం 31 మైళ్ళు అనుకుందాం.

0.0033 × 510 × 31² ≈ 1617
750 ÷ 1617 ≈ 0.46

అంటే C_L 0.46 ఉంటే చాలు. వాళ్ళ పట్టికలోని మంచి రెక్కలు తక్కువ కోణాల్లోనే దాన్ని ఇచ్చాయి. పాత 0.005తో వేస్తే 0.31 చాలన్నట్టు తేలేది. దాన్ని నమ్మి ఉంటే చిన్న రెక్క కట్టేవారు, యంత్రం లేవకుండా పట్టా మీదే పరుగెత్తేది. తోపు కూడా ఇలాగే లెక్కించారు. గాలిని నెట్టుకుపోవడానికి సుమారు 90 పౌండ్ల తోపు కావాలి. గంటకు 31 మైళ్ళంటే సెకనుకు 45 అడుగుల పైన. రెండూ గుణిస్తే దాదాపు ఏడున్నర అశ్వశక్తి. షాపు మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేసిన ఇంజను 12 అశ్వశక్తి ఇచ్చేది. కాబట్టి ప్రొపెల్లర్లు, చైన్లు కలిసి అందులో మూడో వంతుకు మించి వృథా చేయకూడదు. ఓడల ప్రొపెల్లర్ల గురించి రాసినవేవీ ఇందుకు పనికిరాలేదు. చివరికి ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్క అనుకుని, రేకు ముక్కల పట్టిక నుంచే దాన్ని రూపొందించారు. ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండు, ఎదురు దిశల్లో తిరిగేవి. నిలబెట్టి కొలిస్తే 130 పౌండ్లకు పైగా తోపు వచ్చింది.

కిట్టీ హాక్‌లో అడ్డుపడింది గాలి లెక్క కాదు, ఇరుసులు. ఇంజను అదురుకు ప్రొపెల్లర్ల గొట్టపు ఇరుసులు దెబ్బతిన్నాయి. వాటి స్థానంలో గట్టి ఉక్కు ఇరుసులు డేటన్ నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. డిసెంబరు 14న వాలు మీద విల్బర్ ప్రయత్నించాడు. ముక్కును మరీ పైకెత్తడంతో వేగం పోయి మూడున్నర సెకన్లలో ఇసుకలో పడింది. 17వ తేదీ ఉదయం 10:35కు చదును నేల మీద, గంటకు ఇరవై మైళ్ళకు పైబడిన ఎదురుగాలిలో, 60 అడుగుల పట్టా మీద నుంచి ఆర్విల్ లేచాడు. 12 సెకన్లు, 120 అడుగులు. మధ్యాహ్నానికి, ఆ రోజు నాలుగో ఎగురులో, విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. నేల మీద అది గంటకు పది మైళ్ళ లోపే. ఎదురుగాలి కలిపితే లెక్కలో అనుకున్న ముప్పై మైళ్ళ చుట్టుపక్కలకే వస్తుంది. దిగాక యంత్రం నేల మీద ఉండగా గాలి దాన్ని దొర్లించి విరగ్గొట్టింది, అది మళ్ళీ ఎగరలేదు.

ఆ నాలుగు ఎగురులూ తిన్నగా సాగలేదు, ముక్కు ఎత్తుతూ దించుతూ అలలా సాగాయి. పక్కలకు ఒరగడాన్ని మెలిక, రడ్డర్ కలిసి చూసుకున్నాయి. ఎలివేటర్ మాత్రం మరీ సున్నితంగా ఉండి, కొద్దిగా కదిపితే ఎక్కువ స్పందించేది. దాన్ని సరిచేయడానికి డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చిక మైదానంలో మరో రెండేళ్ళు పట్టింది. 1905లో ఎలివేటర్‌ను పెద్దది చేసి ఇంకా ముందుకు జరిపారు. 1902లో నడుము తొట్టికి కట్టిన రడ్డర్‌ను విడదీసి దానికి వేరే పట్టు పెట్టారు. మలుపుల్లో మెలికకు ఒక మోతాదు, రడ్డర్‌కు మరో మోతాదు కావలసి వస్తుందని అప్పటికి తెలిసింది. ఆ ఏడాది అక్టోబరు 5న విల్బర్ ఆ మైదానం చుట్టూ 39 నిమిషాలు, 24 మైళ్ళు తిరిగి, ఇంధనం అయిపోయాక దిగాడు.